‘ప్రాణం దక్కింది కదా’: ఓదార్పు ఎక్కడ బెడిసికొడుతుంది

2013 అక్టోబరు 12 రాత్రి, దసరా రోజుల్లో, ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. అయినా మరణాలు పదుల సంఖ్యలోనే ఆగాయి. అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 1999 అక్టోబరు చివర్లో వచ్చిన సూపర్ సైక్లోన్‌లో అదే రాష్ట్రం దాదాపు 10,000 మందిని పోగొట్టుకుంది. ఈసారి తుపాను రాకముందే దాదాపు 10 లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించి సురక్షిత ప్రాంతాలకు తరలించారు. పాలన పరంగా అది పెద్ద విజయం, అందులో ఎవరికీ సందేహం అక్కర్లేదు.

ఆ విజయంతో పాటే ఒక మాట కూడా తీరమంతా తిరిగింది: ‘ప్రాణాలు దక్కాయి కదా, ఇంకేం కావాలి?’ గంజాం జిల్లా తీరంలో తరాలుగా వేట చేసుకుంటున్న తెలుగు మత్స్యకారులను అక్కడివాళ్ళు నోలియాలంటారు. షెల్టరు నుంచి తిరిగొచ్చి, ఇసుకలో కూరుకుపోయిన వలల ముందు, రెండు ముక్కలైన బోటు ముందు నిలబడిన మనిషికి ముందుగా వినబడేది ఈ మాటే. చెప్పేవాళ్ళు చుట్టాలు కావచ్చు, ఊరి పెద్దలు కావచ్చు, బియ్యం బస్తా పట్టుకొచ్చిన వాలంటీరు కావచ్చు. అందరిదీ మంచి ఉద్దేశమే. మాటా అబద్ధం కాదు. అయినా ఆ మాట విన్న మనిషి చాలాసార్లు ఇంకాస్త ముడుచుకుపోతాడు.

ఈ తీరును ఈమధ్య టాక్సిక్ పాజిటివిటీ అంటున్నారు. ఎదుటి మనిషికి ఏం జరిగినా సరే, సంతోషంగా ఉండమనీ, మంచివైపే చూడమనీ పట్టుబట్టడం. ‘విషపూరిత సానుకూలత’ అని తెలుగు చేసేవాళ్ళున్నారు గానీ, ఆ అనువాదం నోటికి పట్టదు, విషయం కూడా అంత కొత్తది కాదు. మనకు ‘ధైర్యం చెప్పడం’ అనే పాత మాట ఉంది. ధైర్యం చెప్పడం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు బెడిసికొడుతుంది అన్నదే ఇక్కడ ప్రశ్న. దాన్ని పొద్దున్నే వచ్చే వాట్సాప్ సూక్తుల దగ్గర వెతకడం కంటే, ఒక తుపాను తర్వాతి ఇంటి దగ్గర వెతికితే తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు ఒక తేడా గమనించాలి. మనిషి చనిపోతే ఏం చేయాలో ఊరికి తెలుసు. పరామర్శకు వస్తారు. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని శోకాలు పెడతారు. పోయినవాడి గుణగణాలు పేరుపేరునా చెప్పుకుని ఏడుస్తారు. ఆ మొదటి రోజుల్లో ‘ఏడవకు’ అన్నా ఆ మాటకు బలం ఉండదు, ఎందుకంటే అన్నవాళ్ళు కూడా ఏడుస్తూనే అంటారు. పదో రోజో పెద్దకర్మో వచ్చేదాకా దుఃఖానికి ఒక చోటు, ఒక గడువు ఉంటాయి. బోటు పోతే అలాంటిదేమీ లేదు. దాని కోసం ఏడిస్తే వింతగా చూస్తారు. వల పోయిందని పరామర్శకు రారు, నష్టం రాసుకోవడానికి వస్తారు. అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఇలాంటి దుఃఖం గురించి రాశాడు: నష్టం నిజమే, బాధ నిజమే, కానీ చుట్టూ ఉన్న సమాజం దాన్ని దుఃఖంగా లెక్కపెట్టదు. గర్భం పోయినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు, పెంచుకున్న జంతువు చచ్చిపోయినప్పుడు జరిగేది ఇదే. ‘ప్రాణం దక్కింది కదా’ అనే మాట సరిగ్గా ఈ ఖాళీలో వచ్చి కూర్చుంటుంది. మరణమే నష్టానికి కొలబద్ద అయినచోట, మరణం లేకపోతే నష్టమే లేనట్టు.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. గోపాలపూర్‌కూ రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటుకూ మధ్య ఒక పల్లె. నలభై ఏళ్ళ మత్స్యకారుడు. ఫైబర్ బోటు, దానికి ఔట్‌బోర్డ్ ఇంజను. ఇంజను కొనడానికి చేపల వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, పట్టిన చేపలు అతనికే అమ్మి తీర్చాలి. తుపాను వెళ్ళిన మూడో రోజు భార్య తమ్ముడు బరంపురం నుంచి వచ్చాడు.

‘ఏటి బావా, అలా కూకుండిపోయావు? లే. అందరూ బతికున్నారు, అది చాలదా? తొంభై తొమ్మిదిలో అటు జగత్‌సింగ్‌పూర్ వైపు ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. వాళ్ళతో పోలిస్తే మనం అదృష్టవంతులం. గవర్నమెంటు డబ్బులిస్తుంది, మళ్ళీ కొనుక్కుందువు. నువ్వే ఇలా అయిపోతే అక్క, పిల్లలు ఏమైపోవాలి?’

బావ తల ఊపాడు. ‘అవున్లేరా’ అన్నాడు. ‘టీ తాగావా?’ అని అడిగాడు.

బరంపురం తిరిగి వెళ్తూ బావమరిది తృప్తిపడే ఉంటాడు. బావ కాస్త తేరుకున్నాడు, టీ గురించి కూడా అడిగాడు అనుకుని ఉంటాడు. నిజానికి అక్కడ జరిగింది వేరు. ఆ మాటలను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే తెలుస్తుంది.

‘అందరూ బతికున్నారు, అది చాలదా’ అన్నది ప్రశ్నలా ఉన్నా ప్రశ్న కాదు. చాలదు అని ఏ మనిషి చెప్పగలడు? చెబితే పిల్లల ప్రాణాల కంటే బోటు ఎక్కువ అన్నట్టు అవుతుంది. జగత్‌సింగ్‌పూర్‌తో పోలిక కూడా అంతే: జనాభా లెక్కలో అది సరైన పోలిక, ఈ ఇంటి లెక్కలో దానికి పని లేదు. పక్కవాడి ఇల్లు పూర్తిగా కూలిందని తెలిస్తే ఇతని అప్పు రూపాయి తగ్గదు. మూడో మాట, ‘మళ్ళీ కొనుక్కుందువు’. ఇది బావమరిది చేతిలో లేని హామీ. పైగా అతను చూడని విషయం ఒకటుంది: రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ళ రక్షణ కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా వేటపై ఆంక్షలుంటాయి. తుపాను అక్టోబరు 12న వచ్చింది. ఆంక్షలు మొదలయ్యేలోపు నాలుగు రాళ్ళు వెనకేసుకోవాల్సిన రోజులు చేతిలోంచి పోయాయి. బావ తల దించుకుని లెక్కపెట్టుకుంటున్నది బహుశా ఆ రోజుల్నే. చివరి మాట అన్నిటికంటే బరువైంది. ‘నువ్వే ఇలా అయిపోతే’ అనడంతో అప్పటిదాకా నష్టపోయినవాడిగా ఉన్న మనిషి, ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ముప్పు తెచ్చేవాడయ్యాడు. ఉన్న బాధకు తప్పు చేస్తున్నానన్న భావం తోడైంది.

అందుకే ‘అవున్లేరా’. అందుకే టీ. పరామర్శించడానికి వచ్చినవాడిని ఇప్పుడు అతనే పరామర్శిస్తున్నాడు. ఓదార్పు బెడిసికొట్టిందనడానికి ఇంతకంటే నికరమైన గుర్తు ఉండదు: బాధలో ఉన్న మనిషి ఎదుటివాడి ఇబ్బందిని సర్దడం మొదలుపెడతాడు. మాట మారుస్తాడు, పొడిపొడిగా ఒప్పుకుంటాడు, ఆ మనిషి మళ్ళీ వస్తున్నాడంటే చెరువుగట్టుకో గుడివైపుకో వెళ్ళిపోతాడు.

ఇది కేవలం మర్యాద లోపించడం అనుకుంటే సగమే చూసినట్టు. ఇలాంటి మాటలు శరీరంలో ఏం చేస్తాయో ప్రయోగశాలలో కొలిచి చూశారు. 2011లో చాడ్ షెంక్, అలన్ ఫ్రుజెట్టి అనే ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థులకు ఒత్తిడి పుట్టేలా నోటి లెక్కలు చేయమని ఇచ్చారు. మధ్యమధ్యలో ఎలా అనిపిస్తోందని అడిగారు. కొందరికి ‘ఇలాంటి లెక్కలు చేస్తుంటే చిరాకు రావడం సహజమే’ అనే ధోరణిలో జవాబిచ్చారు. మిగతావారికి ‘ఇందులో అంత చిరాకు పడాల్సిందేముంది’ అనే ధోరణిలో. లెక్కలు అందరికీ ఒకేలాంటివి. కానీ రెండో గుంపులో చిరాకు పెరుగుతూ పోయింది, గుండె వేగం, చర్మం మీద చెమటను బట్టి తెలిసే ఉద్రేకం కూడా మొదటి గుంపు కంటే ఎక్కువగా ఉన్నాయి. గమనించాల్సిందేమిటంటే, మొదటి గుంపుకు ఎవరూ సాయం చేయలేదు. లెక్క తేలిక చేయలేదు, ధైర్యం చెప్పలేదు. నీకు అలా అనిపించడంలో అర్థం ఉంది అని మాత్రం అన్నారు.

ఎందుకిలా? భావం అనేది ఒక కబురు లాంటిది. ముప్పు ఉంది, నష్టం జరిగింది, పట్టించుకో అని అది చెబుతుంది. కబురు అందిందని తెలిస్తే దాని గొంతు తగ్గుతుంది. అందలేదనిపిస్తే మళ్ళీ వస్తుంది, ఈసారి గట్టిగా వస్తుంది. పైగా ‘నీకు అలా అనిపించకూడదు’ అని విన్న మనిషికి పనులు రెండవుతాయి. పాత బాధను మోయాలి, ఆ బాధపడుతున్నందుకు తనలో ఏదో లోపం ఉందన్న కొత్త బాధనూ మోయాలి.

బయటికి కనబడకుండా దాచుకుంటే? మన దగ్గర మగవాళ్ళకు చిన్నప్పటి నుంచీ నేర్పేది అదే. ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు’ అనే సామెత ఒక్కటి చాలు, రెండు జాతుల నోళ్ళూ ఒకేసారి మూయడానికి. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ 1990లలో చేసిన ప్రయోగాల్లో మనుషులకు కలవరపెట్టే సినిమా ముక్కలు చూపించారు. కొందరిని మామూలుగా చూడమన్నారు, కొందరిని ముఖంలో ఏమీ కనబడనీయవద్దన్నారు. దాచుకున్నవాళ్ళ ముఖాలు నిజంగానే ప్రశాంతంగా ఉన్నాయి. లోపలి బాధ మాత్రం తగ్గలేదు, శరీరంలో ఉద్రేకపు సూచనలు కొన్ని పెరిగాయి కూడా. 2003లో ఎమిలీ బట్లర్, ఆమె సహచరులు ఇంకో మెట్టు ముందుకు వెళ్ళారు. ముఖపరిచయం లేని స్త్రీలను జంటలుగా కూర్చోబెట్టి, మనసు కలచివేసే చిత్రం చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరికి మాత్రం రహస్యంగా, భావాలు దాచుకోమని చెప్పారు. ఆ సంగతి తెలియని ఎదుటి స్త్రీకి కూడా రక్తపోటు పెరిగింది, ఇద్దరి మధ్యా దగ్గరితనం కుదరలేదు.

ఈ ఫలితాన్ని గంజాం ఇంటికి తెచ్చుకుంటే ఒక మామూలు దృశ్యం కొత్తగా కనిపిస్తుంది. భర్త ఏడవడు, ఏడిస్తే భార్య బెంబేలెత్తిపోతుందని. భార్య తలమీద చేపల గంప పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మే మనిషి. బోటు పోతే ఆమె గంప కూడా ఖాళీయే. అయినా ఆమె ఏడవదు, ఏడిస్తే ఆయన ఇంకా కుంగిపోతాడని. రాత్రి ఇద్దరికీ నిద్ర ఉండదు, ఇద్దరూ నిద్రపోతున్నట్టు నటిస్తారు. పొద్దున్న చుట్టాలొచ్చి ‘బాగా నిబ్బరంగా ఉన్నారు’ అని మెచ్చుకుంటారు. పిల్లలకు మాత్రం ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంటుంది, ఎవరూ చెప్పరు కాబట్టి ఆ తేడాకు కారణం తామేనని అనుకునే పిల్లలూ ఉంటారు.

సరిహద్దు జిల్లాల్లో దీనికి ఇంకో పొర ఉంది, భాష. సర్వేకు వచ్చే ఉద్యోగి, వైద్య శిబిరంలో డాక్టరు, సాయం తెచ్చే సంస్థ మనిషి, వీళ్ళలో ఎక్కువమంది ఒడియాలో మాట్లాడతారు. ఇక్కడి తెలుగువాళ్ళకు ఒడియా వచ్చు. బజారులో బేరమాడేంత, ఆఫీసులో అర్జీ పెట్టేంత, పిల్లలకైతే బడిలో చదివేంత వచ్చు. కానీ గుండెలో మాట చెప్పే ఒడియా వేరు. ‘ఎలా ఉన్నారు’ అని ఒడియాలో అడిగితే ‘భలొ అఛి’ అన్న రెండు మాటలు నాలుక చివరే ఉంటాయి, బాగున్నాను అని. అదే మనిషి ఇంటికొచ్చి అమ్మ దగ్గర కూలబడి, ‘మనసు మనసులో లేదమ్మా, కడుపులో ఏదో దేవినట్టుంది’ అంటాడు. వాలంటీరు కాగితంలో మాత్రం ‘బాగున్నారు’ అనే పడుతుంది. మర్యాద కోసం అబద్ధం చెప్పడానికి రెండో భాష బాగా పనికొస్తుంది.

మరి బావమరిది ఏం చేసి ఉండాల్సింది? దీనికి జవాబు అంత గొప్పగా ఉండదు, అందుకే చాలామందికి నచ్చదు. ఆ మూడో రోజునే మళ్ళీ తీసుకుందాం.

అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు ఇద్దరూ బోటు వైపు చూశారు.

‘మొత్తం పోయినట్టేనా బావా?’

‘ఇంజను ఇసకలో ఉంది. తీసినా పనికిరాదు. ఉప్పు నీళ్ళు లోపలికి పోయాయి.’

‘మొన్న మొన్ననే కదా కొన్నావు.’

‘ఇంకా సగం కూడా తీరలేదురా.’ కాస్త ఆగి, ‘షావుకారు కబురెట్టాడు. ఆడి బోటు కాదు కదా పోయింది. ఆడికేటి.’

‘భయంగా ఉందా?’

‘రాత్రి నిద్దర్లేదు. కళ్ళు మూస్తే ఆ గాలి చప్పుడే.’

‘ఎవరికైనా అలాగే ఉంటుంది బావా. చేతిలో పని పోయింది, పైన అప్పుంది.’

ఇక్కడ బావమరిది చేసినవి తక్కువే. కళ్ళెదుట ఉన్నదాన్ని ఉన్నట్టు అడిగాడు. కోపం, భయం బయటికొస్తే కంగారుపడి సర్దలేదు, పైగా భయం అనే మాటను తనే తెచ్చి ముందు పెట్టాడు. చివర్లో ఆ భయానికి కారణాన్ని రెండు ముక్కల్లో చెప్పాడు: పని పోయింది, అప్పుంది. బాధను గుర్తించడం అంటే ‘అయ్యో పాపం’ అనడం అని చాలామంది అనుకుంటారు. జాలి పడటం వేరు. ఈ పరిస్థితిలో ఈ భావం రావడం సబబే అని కారణంతో సహా ఒప్పుకోవడమే గుర్తించడం. బావ ఆలోచనలన్నీ సరైనవని ఒప్పుకోవాల్సిన పని లేదు. ‘ఇక నా బతుకు ఇంతే’ అని అతనంటే, ‘అవును, ఇంతే’ అనక్కర్లేదు. ‘ఇప్పుడు దారి కనబడట్లేదు కదా’ అనవచ్చు. మొదటిది తీర్పుతో ఏకీభవించడం, రెండోది భావాన్ని ఒప్పుకోవడం.

ఇది కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? మాట పొడుగవుతుంది. ‘అవున్లేరా’ స్థానంలో వివరాలొస్తాయి, ఇంజను, ఇసక, షావుకారు. ఒకే సంగతి రెండు మూడుసార్లు చెబుతాడు, ప్రతిసారీ కాస్త నెమ్మదిగా. ఏడవనూవచ్చు. ఏడిస్తే పరిస్థితి దిగజారిందనుకుని కంగారుపడే వాళ్ళున్నారు, చాలాసార్లు అది పొరపాటు. ఆ తర్వాత ఎప్పుడో, అదే పూటా కావచ్చు, వారం తర్వాతా కావచ్చు, అతనే ఒక ఆచరణ ప్రశ్న అడుగుతాడు: ‘నష్టపరిహారం కాగితాల్లో ఇంజను నంబరు రాయాలంటున్నారు, బిల్లు లేదు, ఎలారా?’ అప్పుడు సలహాకు సమయం వచ్చింది.

ఈ చివరి సంగతి ముఖ్యం. బాధను గుర్తిస్తే చాలు, మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుందని ప్రచారం చేసేవాళ్ళు టాక్సిక్ పాజిటివిటీని తిడుతూనే మరో అతికి పోతున్నారు. బెల్జియంలో ఫ్రెడెరిక్ నిల్స్, బెర్నార్ రిమే 2012లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ కళ్ళు తెరిపిస్తుంది. కలవరపెట్టే చిత్రం చూసినవాళ్ళు ఆ తర్వాత ఒకరితో మాట్లాడారు. వినేవారు కొందరి విషయంలో సానుభూతి మాత్రమే చూపారు. ఇంకొందరి విషయంలో జరిగినదాన్ని వేరే కోణంలో చూసేలా మాట్లాడారు. సానుభూతి దొరికినవాళ్ళకు ఒంటరితనం తగ్గింది, మాట్లాడినవారితో దగ్గరితనం కలిగింది. కానీ తర్వాత ఆ చిత్రాన్ని మళ్ళీ చూసినప్పుడు బాధ తక్కువగా అనిపించింది కోణం మార్చుకున్నవాళ్ళకే. అంటే మంచివైపు చూడటం ఉట్టి మాట కాదు, దానికి పనితనం ఉంది. సానుభూతి మనిషిని ఒంటరి కానివ్వదు, కోణం మారడం బాధను కరిగిస్తుంది. మొదటిది లేకుండా రెండోదాన్ని రుద్దబోతే, బావలా ‘అవున్లేరా’ అని తలుపు వేసుకుంటారు. మొదటిదాని దగ్గరే ఆగిపోయి రోజూ అదే దుఃఖాన్ని ఇద్దరూ తోడుకుంటూ కూర్చుంటే, స్నేహం పెరుగుతుందేమో గానీ దుఃఖం తగ్గదు.

రెండు రకాల మాటలకూ తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అదే కథ పదోసారి చెప్పినప్పుడు అందులో కొత్త వివరం గానీ, కొత్త ప్రశ్న గానీ, ‘నేను’ తప్ప ఇంకో మనిషి గానీ వస్తున్నారా? వస్తుంటే మనసు పని చేసుకుంటోంది. అవే మాటలు, అదే వరుస, చివర్లో అదే ‘నాకే ఎందుకు ఇలా’ అయితే చక్రం ఇసకలో తిరుగుతోంది. అప్పుడు ఇంకా వినడం కంటే, ‘రేపు ఆఫీసుకి ఇద్దరం వెళ్దామా’ అనడం మేలు.

బలవంతంగా మాట్లాడించడం కూడా మంచిది కాదు. విపత్తు జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పించి, భావాలన్నీ కక్కించే ‘డీబ్రీఫింగ్’ పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. ఒక్క విడత డీబ్రీఫింగ్ వల్ల తర్వాతి మానసిక సమస్యలు ఆగవని అధ్యయనాలు తేల్చాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంది. దాని స్థానంలో 2011లో క్షేత్రస్థాయి పనివాళ్ళ కోసం మానసిక ప్రథమ చికిత్స అనే చిన్న పుస్తకం తెచ్చింది. అందులో పద్ధతి మూడు మాటలు: చూడు, విను, కలుపు. ముందు ఆ మనిషికి ఏం కావాలో చూడాలి, చెబితే వినాలి, సాయం దొరికే చోటుతో కలపాలి. ఆ పుస్తకం అనకూడదని చెప్పిన మాటల్లో ‘నువ్వు అలా బాధపడకూడదు’, ‘బతికి బయటపడ్డందుకు అదృష్టవంతుడివి అనుకో’ అనేవి ఉన్నాయి. గోపాలపూర్ తీరంలో ఊరూరా చెప్పిన మాటే అది. ఇంకొకరి కథ తెచ్చి చెప్పొద్దని కూడా అందులో ఉంది, జగత్‌సింగ్‌పూర్ పోలిక ఆ ఖాతాలోకే వెళ్తుంది.

అలాగని ‘ప్రాణం దక్కింది’ అన్న భావనే తప్పా? ఇక్కడే మన పాత సామెత ఒకటి గుర్తుకొస్తుంది, ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’. కరువులో ఆకులు తిని బతికిన మనుషుల అనుభవంలోంచి పుట్టిన మాట. దానిలో బలం ఉంది, వెటకారం కూడా కొంచెం ఉంది: బలుసాకు రుచిగా ఉంటుందని ఆ సామెత ఎక్కడా అనలేదు. కానీ ఆ మాట అనే హక్కు ఆకు తినాల్సినవాడిది. ఎదుటివాడు అన్నం తిని వచ్చి అంటే అది వేరే మాట అవుతుంది. మన కథలోని బావే, మరుసటి ఏడు ఎవరి బోటులోనో కూలీకి వెళ్తూ, వల విప్పుతూ ‘బతికుంటే బలుసాకు తినొచ్చులేరా’ అని నవ్వొచ్చు. అప్పుడు బావమరిది ‘నేను ఆ రోజే చెప్పానా లేదా’ అనకుండా ఉంటే చాలు. ఆ ముగింపుకు అతను తన లెక్కలన్నీ వేసుకుని, తన కాళ్ళతో నడిచి వచ్చాడు. మూడో రోజున అదే మాట ఇంకొకరి నోట వచ్చినప్పుడు, ఆ లెక్క మొదలుకాకుండానే పుస్తకం మూసేసినట్టయింది.

ధైర్యం చెప్పేవాళ్ళను మరీ తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. బావమరిది బరంపురంలో ఏ షాపులోనో జీతానికి పనిచేసేవాడు. అప్పు తీర్చలేడు, బోటు కొనివ్వలేడు. ఏమీ చేయలేని మనిషికి ఎదుటివాడి ఏడుపు భరించడం కష్టం. ‘ఏం కాదులే’ అన్న మాట చాలాసార్లు తన నిస్సహాయతకు వేసుకునే కట్టు. ఇది తెలిస్తే ఒక సులువైన మార్గం దొరుకుతుంది: ‘నాకేం చెప్పాలో తెలియట్లేదు బావా’ అనేయడం. అది నిజం, పైగా ఎదుటివాడి నోరు మూయదు.

ఒక హద్దు మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. దుఃఖం అలలా వస్తుంది, మధ్యలో మనవరాలి మాటకు నవ్వు కూడా వస్తుంది. రెండు వారాలు దాటినా దాదాపు ప్రతిరోజూ, రోజంతా మనసు బండబారి ఉండి, తిండి మీద, పని మీద, మనుషుల మీద ఏ ఆసక్తీ లేకపోతే, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోతే, సాయంత్రం కాగానే సారా తప్ప వేరే దారి లేకపోతే, అది పక్కన కూర్చుని వింటే తగ్గే స్థితి దాటింది. ‘నేను లేకపోతే అప్పు గొడవ తీరిపోతుంది’ లాంటి మాట వస్తే అసలు రెండు వారాలు ఆగకూడదు. ఆ మాటను నవ్వులో కలిపేయకుండా, ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవుననే జవాబొస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి పగలైనా రాత్రైనా డబ్బు లేకుండా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతామని చెప్పవచ్చు, చెప్పాలి కూడా. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తోడు వెళ్ళేవాళ్ళు అక్కడ ‘ఈయనకు ధైర్యం తక్కువండీ’ అని చెబితే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘పదిహేడు రోజులుగా తెల్లారి మూడింటికే లేచి కూర్చుంటున్నాడు, మధ్యాహ్నం అన్నం ముట్టట్లేదు, మొన్న అప్పు గురించి ఇలా అన్నాడు’ అని చెప్పాలి. ఒడియాలో ఆ మాటలు దొరక్కపోతే తెలుగులోనే చెప్పనివ్వాలి. బరంపురం ఆసుపత్రిలో తెలుగు తెలిసినవాళ్ళు దొరక్కపోరు.